ఒకే యంత్రం, రెండు తరుగుదలలు: వాయిదా పన్ను ఎక్కడి నుంచి వస్తుంది?

మిర్యాలగూడ పక్కన ఒక బియ్యం మిల్లు ఉందనుకుందాం. అన్నదమ్ములిద్దరు దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నడుపుతున్నారు. రంగు మారిన గింజను కెమెరాతో పసిగట్టి, గాలి ఊది పక్కకు నెట్టేసే సార్టెక్స్ యంత్రాన్ని ఏప్రిల్‌లో 60 లక్షలు పెట్టి కొన్నారు. ఏడాది తిరిగింది. ఆడిటర్ తెచ్చిన బ్యాలెన్స్ షీట్ చూస్తున్న తమ్ముడి వేలు ఒక వరుస దగ్గర ఆగిపోయింది. అక్కడ ‘వాయిదా పన్ను బాధ్యత’ అని రాసి, ఎదురుగా 1,30,000 రూపాయలు వేసి ఉంది.

“ఈ ఏడాది పన్నంతా కట్టేశాం కద సార్. మరి ఇదెవరికి బాకీ?”

“ఇవాళ్టికి ఎవరికీ బాకీ లేదండీ. నోటీసు రాదు, చలానా ఉండదు. మీ యంత్రానికి రెండు తరుగుదలలు ఉన్నాయి. వాటి మధ్య తేడా మీద పడిన పన్ను ఇది” అన్నారు ఆడిటర్.

అకౌంట్లు చదివే అలవాటున్నవారు కూడా ఈ వరుస దగ్గరకొచ్చేసరికి కళ్లు పక్కకు తిప్పేస్తారు. దాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఆ సార్టెక్స్ యంత్రం వెంట పదిహేనేళ్లు నడిస్తే చాలు.

రెండు పుస్తకాలు, రెండు ఉద్దేశాలు

యంత్రం కొన్న ఏడాదే 60 లక్షలూ ఖర్చుగా రాస్తే ఆ ఏడాది మిల్లు మునిగిపోయినట్టు, తర్వాతి ఏళ్లలో తేరగా లాభాలు వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ ఖర్చును యంత్రం పనిచేసే ఏళ్ల మీదికి పంచుతారు. ఏటా పడే ఆ వాటాయే తరుగుదల. ఎలా పంచాలన్న దగ్గరే రెండు చట్టాలు రెండు దారులు పడతాయి.

2013 నాటి కంపెనీల చట్టంలోని రెండో షెడ్యూలు ఆస్తుల ఉపయోగకాలాన్ని చెబుతుంది. మామూలు యంత్రాలకు అది 15 ఏళ్లు. చివరికి మిగిలే పాత ఇనుము విలువను సాధారణంగా కొన్న ధరలో 5 శాతానికి మించనివ్వరు. మన సార్టెక్స్‌కు అది 3 లక్షలు. మిగిలిన 57 లక్షలను 15 ఏళ్లకు సమానంగా పంచితే ఏటా 3 లక్షల 80 వేలు. వాటాదారులకు చూపే పుస్తకాల్లో పడే ఖర్చు ఇది.

ఆదాయపు పన్ను లెక్క వేరు. అక్కడ మామూలు యంత్రాలకు 15 శాతం రేటు, అదీ ఏటా మిగిలిన విలువ మీద. మొదటి ఏడు 60 లక్షల మీద 15 శాతం, అంటే 9 లక్షలు. రెండో ఏడు మిగిలిన 51 లక్షల మీద 7 లక్షల 65 వేలు. మూడో ఏడు సుమారు 6 లక్షల 50 వేలు. ఇలా ముందు బరువుగా పడి, పోనుపోను తేలికవుతుంది.

పుస్తకాల లెక్క యంత్రం అరుగుదలను చెప్పాలని చూస్తుంది. పన్ను చట్టానికి వేరే ఉద్దేశం కూడా ఉంది. పెట్టుబడి పెట్టినవాడి చేతిలో మొదటి ఏళ్లలో నాలుగు డబ్బులు మిగలాలి, అప్పుడే మరో యంత్రం కొంటాడని ప్రభుత్వం ఆశిస్తుంది. 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, బిహార్, పశ్చిమ బెంగాల్‌లలో నోటిఫై చేసిన వెనుకబడిన ప్రాంతాల్లో కొత్త తయారీ యూనిట్ పెట్టినవారికి అదనపు తరుగుదలను 20 శాతం నుంచి 35 శాతానికి పెంచింది ఈ ఉద్దేశంతోనే. మన మిల్లుకు అలాంటి రాయితీలేవీ లేవనుకుని, ఉత్త 15 శాతంతోనే లెక్క నడుపుదాం.

మొదటి ఏడాది లెక్క

తరుగుదలకూ పన్నుకూ ముందు మిల్లు ఏటా 20 లక్షలు సంపాదిస్తుందనుకుందాం. పన్ను రేటును గుర్తుండేలా 25 శాతం అందాం.

పుస్తకాల్లో 20 లక్షల నుంచి 3 లక్షల 80 వేలు తీసేస్తే లాభం 16 లక్షల 20 వేలు. పన్ను లెక్కలో 20 లక్షల నుంచి 9 లక్షలు తీసేస్తే పన్ను పడే ఆదాయం 11 లక్షలు. దాని మీద 25 శాతం, అంటే 2 లక్షల 75 వేలు, మిల్లు బ్యాంకులో కట్టేసింది.

పుస్తకాల లాభం మీదే పన్ను పడి ఉంటే 4 లక్షల 5 వేలు కట్టాలి. తక్కువ కట్టింది 1 లక్షా 30 వేలు. తమ్ముడి వేలు ఆగిన అంకె ఇదే. ఇంకో దారిలో చూసినా అంతే వస్తుంది. రెండు తరుగుదలల తేడా 5 లక్షల 20 వేలు, దానిలో నాలుగో వంతు 1 లక్షా 30 వేలు.

ఈ డబ్బు మాఫీ కాలేదు. యంత్రం ఖరీదు 60 లక్షలే కాబట్టి పన్ను లెక్కలో మొత్తం మీద దక్కే తరుగుదల కూడా అంతకు మించదు. ముందు ఎక్కువ వాడుకుంటే తర్వాత తక్కువే మిగులుతుంది. అంటే ఆ 1 లక్షా 30 వేలను ప్రభుత్వం వడ్డీ లేకుండా మిల్లు చేతిలో ఉంచింది. అందుకే ఆడిటర్ లాభనష్టాల ఖాతాలో కట్టిన 2 లక్షల 75 వేలకు తోడు వాయిదా పన్నుగా 1 లక్షా 30 వేలు చూపి, మొత్తం పన్ను ఖర్చు 4 లక్షల 5 వేలని రాశారు. పన్ను పోగా లాభం 12 లక్షల 15 వేలు.

పదో ఏడు ఏమవుతుంది?

అయిదేళ్ల పాటు పన్ను తరుగుదలదే పైచేయి. ఆరో ఏడు అది 3 లక్షల 99 వేలకు దిగుతుంది. పుస్తకాల తరుగుదల 3 లక్షల 80 వేలు. తేడా 19 వేలే. ఆ ఏడాది చివరికి పుస్తకాల్లో యంత్రం విలువ 37 లక్షల 20 వేలు, పన్ను లెక్కలో 22 లక్షల 63 వేలు. మధ్య దూరం 14 లక్షల 57 వేలు. దాని మీద 25 శాతం, సుమారు 3 లక్షల 64 వేలు, అప్పటికి పోగుపడిన వాయిదా పన్ను. ఇదే శిఖరం.

ఏడో ఏట దారి మళ్లుతుంది. పన్ను తరుగుదల 3 లక్షల 39 వేలకు పడిపోతుంది, పుస్తకాలది మాత్రం 3 లక్షల 80 వేల దగ్గరే ఉంటుంది. పదో ఏటికి పన్ను తరుగుదల సుమారు 2 లక్షల 8 వేలు. పన్ను పడే ఆదాయం 17 లక్షల 92 వేలకు ఎగబాకుతుంది. మిల్లు కట్టాల్సిన పన్ను సుమారు 4 లక్షల 48 వేలు. పుస్తకాల లాభం మీద లెక్కిస్తే 4 లక్షల 5 వేలే. ఎక్కువ కట్టిన 43 వేలను ఆ ఏడాది లాభం నుంచి తీయరు, పోగుపడి ఉన్న వాయిదా పన్నులోంచి తగ్గిస్తారు. లాభం మళ్లీ 12 లక్షల 15 వేలే.

వాయిదా పన్ను రాయకపోతే ఏం కనిపించేది? మొదటి ఏడు లాభం 13 లక్షల 45 వేలు, పదో ఏడు 11 లక్షల 72 వేలు. అదే మిల్లు, అదే సంపాదన, అయినా ఏటికేడు దిగజారుతున్నట్టు అనిపించేది. మొదటి ఏళ్లలో మిగిలినదంతా లాభమే అనుకుని డివిడెండుగా పంచుకున్న అన్నదమ్ములు, పదో ఏట పన్ను ఎందుకు పెరిగిందో తెలియక ఆడిటర్‌ను నిలదీసేవారు.

ఈ కథకు చిన్న కొసమెరుపు ఉంది. పద్నాలుగో ఏడాది చివరికి పుస్తకాల విలువ ఇంకా కాస్త ఎక్కువే. పదిహేనో ఏడు ముగిసేసరికి పుస్తకాల్లో 3 లక్షలే మిగిలితే, పన్ను లెక్కలో 5 లక్షల 24 వేలు ఉంటుంది. శాతాల లెక్కలో విలువ ఎప్పటికీ సున్నాకు చేరదు మరి. అప్పటికి బాధ్యత పోయి, అదే చోట చిన్న వాయిదా పన్ను ఆస్తి నిలుస్తుంది. ముందు ముందు పన్ను కాస్త తగ్గుతుందని దాని అర్థం.

ఈ లెక్కను కోర్టుకు లాగినవారూ ఉన్నారు

మన దేశంలో ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తెచ్చిన 22వ అకౌంటింగ్ ప్రమాణం. 2001 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన సంవత్సరాలకు మొదట లిస్టెడ్ కంపెనీలకు వర్తించింది, తర్వాత మిగతా కంపెనీలకు విస్తరించింది. కట్టని పన్నును ఖర్చుగా రాయమనడం కంపెనీల చట్టానికి విరుద్ధమని కొన్ని కంపెనీలు కోర్టుకెక్కాయి. జె.కె. ఇండస్ట్రీస్ కేసులో 2007 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ప్రమాణం చెల్లుతుందని తేల్చింది.

ఆ ప్రమాణం ఈ తేడాలను ‘టైమింగ్ డిఫరెన్సులు’ అంటుంది. ఒక ఏడాది పుట్టి మరో ఏడాది తిరిగి సర్దుకునే తేడాలని అర్థం. లిస్టెడ్ కంపెనీలు, 250 కోట్లూ అంతకు మించిన నికర విలువ ఉన్న కంపెనీలు పాటించే కొత్త ప్రమాణం ఆదాయాన్ని కాక ఆస్తుల విలువలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. మన యంత్రం విషయంలో రెండు దారులూ ఒకే అంకెకు చేరతాయి.

అసలు ఈ బాకీ ఎప్పటికైనా తీరుతుందా అన్న వాదన కూడా పాతదే. మన మిల్లు ఏడో ఏట ఇంకో 60 లక్షల సార్టెక్స్ కొన్నదనుకోండి. పాత యంత్రం తేడా 41 వేలు తగ్గుతుంది, కొత్తది 5 లక్షల 20 వేలు కలుపుతుంది. వాయిదా పన్ను తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఏటా పెట్టుబడి పెడుతూ పోయే కంపెనీలో ఈ అంకె పెరుగుతూనే ఉంటుంది. తిరిగి కట్టే రోజే కనుచూపు మేరలో లేనప్పుడు రాయడమెందుకని బ్రిటన్ ప్రశ్నించింది. దగ్గరి భవిష్యత్తులో నిజంగా తిరిగివచ్చే భాగాన్నే చూపే పద్ధతిని 1978 నాటి ప్రమాణంలో అనుమతించింది. 2000 సంవత్సరం చివర్లో ఆ దేశమే దాన్ని వదిలి, మొత్తం తేడాను రాసే పద్ధతికి వచ్చింది. పాత యంత్రం బాకీ తీరుతూనే ఉంటుంది, కొత్త యంత్రం కొత్త బాకీ తెస్తుంది. పాత అప్పు తీర్చి కొత్త అప్పు తెచ్చే రైతుకు బాకీ లేదని ఎవరూ అనరు కదా. పెట్టుబడి ఆగిన రోజు ఆ బాకీ అసలు రంగు బయటపడుతుంది.

గాలిమర చెప్పే సంగతి

తేడా ఎంత పెద్దది కాగలదో అనంతపురం కొండల మీది గాలిమరలు చూపిస్తాయి. చాలా ఏళ్లు వాటికి పన్ను చట్టం 80 శాతం తరుగుదల ఇచ్చింది. 2012లో దాన్ని 15 శాతానికి తగ్గించారు. విద్యుత్తు ఉత్పత్తిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకం కూడా అప్పుడే ఆగడంతో, ఆ తర్వాతి ఏడాది దేశంలో కొత్త గాలిమరల స్థాపన బాగా పడిపోయింది. 2014లో 80 శాతం తిరిగి వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి అది 40 శాతం.

80 శాతం ఉన్న రోజుల్లో 10 కోట్ల గాలిమరను తీసుకోండి. మొదటి ఏడు పన్ను లెక్కలో 8 కోట్లు, రెండో ఏడు 1 కోటి 60 లక్షలు పోతాయి. రెండో షెడ్యూలు ప్రకారం దాని ఉపయోగకాలం 22 ఏళ్లు కాబట్టి పుస్తకాల్లో ఏటా సుమారు 43 లక్షలే. రెండేళ్లలో పన్ను తరుగుదల దాదాపు అయిపోతుంది, మూడో ఏటి నుంచే వాయిదా పన్ను కరగడం మొదలై రెండు దశాబ్దాలు సాగుతుంది. ఇలాంటి కంపెనీ మొదటి రెండేళ్ల పన్ను రసీదులు మాత్రమే చూసి లాభం అంచనా వేస్తే ఘోరంగా పొరబడతారు.

రేటు మారిన రోజు

వాయిదా పన్నును ముందు ముందు కట్టబోయే రేటుతో కొలుస్తారు. అందువల్ల రేటు మారితే పోగుపడిన మొత్తాన్నంతా తిరిగి లెక్కించాలి. 2019 సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీలకు 22 శాతం రేటు ప్రకటించింది. సర్‌చార్జి, సెస్సు కలిపితే అది 25.17 శాతం. అదనపు తరుగుదల వంటి రాయితీలు వదులుకోవాలన్నది షరతు. అంతకుముందు పెద్ద కంపెనీలకు అన్నీ కలిపి 34.94 శాతం దాకా ఉండేది.

తరుగుదల తేడా 100 కోట్లున్న కంపెనీకి ఆ మార్పుతో 34 కోట్ల 94 లక్షల బాధ్యత 25 కోట్ల 17 లక్షలైంది. తగ్గిన 9 కోట్ల 77 లక్షలు ఆ త్రైమాసికం లాభంలో కలిశాయి. ఒక్క రూపాయి చేతికి రాలేదు, ఒక్క బస్తా ఎక్కువ అమ్మలేదు. వాయిదా పన్ను ఆస్తులున్న కంపెనీలకు దీనికి తలకిందులుగా జరిగింది. మొండి బాకీల కేటాయింపుల వల్ల అలాంటి ఆస్తులు పోగుపడిన ఐసీఐసీఐ బ్యాంకు ఆ త్రైమాసికంలో 2,920 కోట్లు ఒక్కసారిగా ఖర్చు రాసుకోవాల్సి వచ్చింది.

తప్పులు దొర్లే చోట్లు

మొదటిది తేదీ. యంత్రాన్ని కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే పన్ను లెక్కలో సగం తరుగుదలే దక్కుతుంది. మన సార్టెక్స్‌ను జనవరి 1న నడపడం మొదలుపెడితే 9 లక్షలకు బదులు 4 లక్షల 50 వేలే. పుస్తకాల్లో మాత్రం రోజుల లెక్కన 90 రోజులకు సుమారు 94 వేలు పడుతుంది. లెక్కించాల్సింది బిల్లు తేదీ నుంచి కాదు, వాడకం మొదలైన తేదీ నుంచి. అక్టోబరు మొదలయ్యాక యంత్రం నడపడం మొదలైతే ఈ సంగతి తప్పక చూసుకోవాలి.

రెండోది అమ్మకం. చిన్న కంపెనీల్లో ఎక్కువగా చెడిపోయే లెక్క ఇదే. పన్ను చట్టం ఒక్కో యంత్రాన్ని విడిగా చూడదు. ఒకే రేటున్న యంత్రాలన్నింటినీ ఒక ‘బ్లాక్’గా కలుపుతుంది. ఏడో ఏడాది మొదట్లోనే సార్టెక్స్‌ను 20 లక్షలకు అమ్మేశారనుకుందాం. పుస్తకాల్లో దాని విలువ 37 లక్షల 20 వేలు కాబట్టి 17 లక్షల 20 వేలు నష్టం రాస్తారు, యంత్రం పుస్తకాల నుంచి పోతుంది. పన్ను లెక్కలో అలాంటి నష్టం ఉండదు. బ్లాక్‌లో వేరే యంత్రాలున్నంత కాలం ఆ 20 లక్షలను బ్లాక్ విలువలోంచి తీసేస్తారంతే. సార్టెక్స్ తాలూకు 22 లక్షల 63 వేలలో 20 లక్షలు పోగా 2 లక్షల 63 వేలు బ్లాక్‌లో మిగిలి, యంత్రం లేకపోయినా ఏటా 15 శాతం చొప్పున తరుగుతూ ఉంటుంది. యంత్రం అమ్మేశాం కదా అని దాని వాయిదా పన్నును సున్నా చేసి ఊరుకుంటే, ఈ మిగులు మీద రావాల్సిన సుమారు 66 వేల ఆస్తి లెక్కలోంచి జారిపోతుంది.

మూడోది నష్టాల కాలం. లాభం లేని ఏడాది పన్ను తరుగుదల మిగిలిపోతే దాన్ని కాలపరిమితి లేకుండా ముందుకు తీసుకెళ్లవచ్చు. ముందు ముందు పన్ను తగ్గుతుంది కాబట్టి అది వాయిదా పన్ను ఆస్తి అవుతుంది. కాకపోతే అది అక్కరకు రావాలంటే లాభాలు రావాలి. అందుకే 22వ ప్రమాణం ఇక్కడ కఠినంగా ఉంటుంది. ఇలా మిగిలిన తరుగుదల, నష్టాలు ఉన్నప్పుడు, సరిపడా ఆదాయం వస్తుందని దాదాపు ఖాయంగా చెప్పగల బలమైన ఆధారం చూపాలి. చేతిలో ఉన్న ఆర్డరు అలాంటి ఆధారం కావచ్చు. వచ్చే ఏడాది ధాన్యం బాగా పండుతుందన్న ఆశ కాదు. మూడేళ్లుగా నష్టాల్లో ఉన్న కంపెనీ నికర విలువలో పెద్ద భాగం ఈ ఆస్తే అయితే, అప్పిచ్చే బ్యాంకు మేనేజరైనా, వాటా కొనేవారైనా ఆ ఆధారమేమిటో అడిగి తీరాలి.

మీరే సరిచూసుకోవచ్చు

కంపెనీ నివేదికలో స్థిరాస్తుల నోటు తెరిచి, తరుగుదల పోగా యంత్రాలు, భవనాల విలువ రాసుకోండి. పన్ను ఆడిట్ రిపోర్టులోని తరుగుదల పట్టిక నుంచి అవే ఆస్తుల పన్ను విలువ రాసుకోండి. తరుగుదల లేని భూమిని రెండు వైపులా వదిలేయండి. మొదటి అంకెలోంచి రెండోది తీసి, కంపెనీకి వర్తించే పన్ను రేటుతో గుణించండి. వచ్చిన మొత్తం వాయిదా పన్ను నోటులో తరుగుదల ఎదురుగా ఉన్న అంకెతో సరిపోవాలి. సరిపోకపోతే పాత రేటు వాడి ఉండవచ్చు, అమ్మిన ఆస్తి లెక్క తప్పి ఉండవచ్చు, సగం తరుగుదల సంగతి మరిచిపోయి ఉండవచ్చు.

మిర్యాలగూడ మిల్లులో మొదటి ఏడాది ఆ రెండు అంకెలు 56 లక్షల 20 వేలు, 51 లక్షలు. తేడా 5 లక్షల 20 వేలు, దాని మీద 25 శాతం 1 లక్షా 30 వేలు. మీ కుటుంబ కంపెనీ లెక్కల మీద, మీరు వాటా కొన్న కంపెనీ లెక్కల మీద సంతకం పడే ముందు ఈ ఒక్క తీసివేత, ఒక్క గుణకారం చేసి చూడండి. అంకె కలవకపోతే ఆడిటర్‌ను అడగండి.